ఆడిట్ ప్లానింగ్‌లో రిస్క్ ఎక్కడ దొరుకుతుంది: ఒక కూలర్ల కంపెనీ ఫైల్ విప్పి చూస్తే

చాలా ఆడిట్ ఫైళ్లలో ప్లానింగ్ సెక్షన్ తెరిస్తే ఒక టేబుల్ కనబడుతుంది. రెవెన్యూ హై, స్టాకు మీడియం, జీతాలు లో, పక్కన ఇంకో కాలమ్‌లో "శాంపిల్ సైజ్ పెంచాం" అని ఒక ముక్క. ఇది చదివినవాడికి ఆ కంపెనీ ఏం అమ్ముతుందో తెలీదు, ఎవరికి అమ్ముతుందో తెలీదు, ఈ ఏడాది అక్కడ ఏం మారిందో అసలే తెలీదు. క్లయింట్ పేరు చెరిపేసి సిమెంట్ ఫ్యాక్టరీ పేరు పెట్టినా, ఆస్పత్రి పేరు పెట్టినా ఆ టేబుల్ అలాగే సరిపోతుంది. నా ఉద్దేశంలో అది రిస్క్ అసెస్‌మెంట్ కాదు, ఫారం నింపడం.

దీనికి రూల్ బుక్ అంతర్జాతీయ ఆడిటింగ్ స్టాండర్డ్ ఐఎస్‌ఏ 315. 2019లో మార్చారు, 2021 డిసెంబర్ 15న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే అకౌంటింగ్ పీరియడ్లకి కొత్త రూపం వర్తిస్తుంది. అందులో అడిగేది క్లుప్తంగా చెప్పాలంటే ఇదీ: కంపెనీ వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థం చేసుకో, వాళ్ల అకౌంటింగ్ పాలసీలు ఏంటో చూడు, తప్పుల్ని ఆపడానికి వాళ్లు పెట్టుకున్న ఇంటర్నల్ కంట్రోల్ ఎలా ఉందో తెలుసుకో, ఈ మూడింటి ఆధారంగా లెక్కల్లో పెద్ద తప్పు ఎక్కడ దూరొచ్చో చెప్పు. ఆ తప్పు పొరపాటున జరిగింది కావచ్చు, కావాలని చేసింది కావచ్చు.

ఇక్కడ "ఎక్కడ" అన్నప్పుడు రెవెన్యూ అని అకౌంట్ పేరు చెప్తే చాలదు, అసర్షన్ దాకా దిగాలి. కంపెనీ "మా అమ్మకాలు 240 కోట్లు" అని రాసిందంటే ఆ ఒక్క లైన్లో చాలా వాదనలు దాగుంటాయి కదా: ఈ అమ్మకాలు నిజంగా జరిగాయి, ఒక్కటీ వదిలెయ్యలేదు, రేటు సరిగ్గా వేశాం, ఈ ఏడాదివే ఈ ఏడాదిలో వేశాం, ఇలా. వీటిలో ఏది తప్పయ్యే అవకాశం ఎక్కువో, ఎందుకో చెప్పగలిగితేనే ఏ టెస్ట్ చెయ్యాలో తేలుతుంది. లేని అమ్మకం రాశారేమో అన్నది మీ అనుమానమైతే పుస్తకాల్లోంచి ఇన్వాయిస్ తీసుకుని సరుకు బయటికి వెళ్లిన కాగితం దాకా వెనక్కి పోవాలి, అమ్మకం రాయకుండా దాచారేమో అనుకుంటే కాగితం దగ్గర మొదలుపెట్టి పుస్తకాలకి రావాలి. దిక్కు తప్పితే 500 ఇన్వాయిస్‌లు చూసినా అసలు రిస్క్‌ని ముట్టుకోనట్టే.

సరే, ఒక ఊహా కంపెనీ తీసుకుని పూర్తిగా నడిపిద్దాం. ఎయిర్ కూలర్లు తయారుచేసి మొత్తం డీలర్ల ద్వారా అమ్మే కంపెనీ. ఇయర్ ఎండ్ సరిగ్గా వేసవి ముందు పడుతుంది. పోయినేడు అమ్మకాలు 200 కోట్లు. ఈ ఏడాది మేనేజ్‌మెంట్ అంచనా 240 కోట్లు, పన్నుకు ముందు లాభం 12 కోట్లు. ఆడిట్ టీమ్ ప్లానింగ్‌కి కూర్చునేసరికి తొమ్మిది నెలల లెక్కలు చేతిలో ఉన్నాయి.

మొదటి పని మాట్లాడటం. అకౌంట్స్ హెడ్‌తో మాట్లాడి వచ్చేస్తే సరిపోదు, ఎందుకంటే డీలర్‌కి ఏ మాటిచ్చి సరుకు పంపారో అకౌంట్స్ వాళ్లకి సగమే తెలుస్తుంది. సేల్స్ వాళ్లతో, డిస్పాచ్ చూసేవాళ్లతో, క్రెడిట్ నోట్‌లు వేసే గుమస్తాతో విడివిడిగా కూర్చోవాలి, ఒకే ప్రశ్నకి ముగ్గురు మూడు జవాబులు చెప్తే ఆ తేడా దగ్గరే ఆగి తవ్వాలి. మన కంపెనీలో అలా తెలిసినవి మూడు. సేల్స్ హెడ్ కొత్తగా వచ్చాడు, ఆయన బోనస్ పూర్తిగా ఏడాది అమ్మకాల మీద ఆధారపడింది. డీలర్లకి ఈసారి కొత్త స్కీమ్ పెట్టారు, సీజన్ ముందే సరుకు ఎత్తుకుంటే 120 రోజుల అప్పు, అమ్ముడుపోనిదాంట్లో 20 శాతం దాకా వెనక్కి ఇవ్వొచ్చు, ఏడాది టార్గెట్ దాటితే మొత్తం కొనుగోళ్ల మీద 4 శాతం రిబేట్. మూడోది, ఫ్యాక్టరీ విస్తరణకి తీసుకున్న బ్యాంకు లోన్ అగ్రిమెంట్‌లో ఒక షరతు ఉంది, పన్నుకు ముందు లాభం 11 కోట్లకి తగ్గితే బ్యాంకు మొత్తం అప్పు ఒకేసారి అడగొచ్చు.

మూడోది ఎవరూ నోటితో చెప్పలేదు. లోన్ అగ్రిమెంట్ చదివితే దొరికింది. బోర్డు మినిట్స్, లోన్ కాగితాలు, డీలర్ అగ్రిమెంట్‌లు, సేల్స్ టీమ్‌కి వెళ్లిన స్కీమ్ సర్క్యులర్లు, ఇవి నాలుగూ చదవకుండా ప్లానింగ్ అయిపోయింది అనేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది.

ఒక తేడా ఇక్కడే తేల్చుకోవాలి. వ్యాపారానికి ఉన్న ప్రతి ఇబ్బందీ లెక్కల్లో తప్పు కాదు. పోటీ కంపెనీ చౌక మోడల్ తెచ్చింది, అది వ్యాపార రిస్క్. దానివల్ల మన కంపెనీ పాత మోడళ్లు ఖర్చు కన్నా తక్కువకి అమ్ముకోవాల్సి వచ్చి, అయినా పుస్తకాల్లో ఆ స్టాకుని పూర్తి ఖర్చుకే చూపిస్తే, అప్పుడది స్టాకు విలువలో తప్పు. వ్యాపారంలో జరిగిన సంగతి నుంచి జర్నల్ ఎంట్రీ దాకా దారి గీయగలిగితేనే అది మన లిస్టులోకి వస్తుంది. గీయలేకపోతే అది ఆసక్తికరమైన సమాచారం, అంతే.

ఇప్పుడు అంకెలు. పోయినేడు మొదటి తొమ్మిది నెలల్లో 150 కోట్లు, చివరి మూడు నెలల్లో 50 కోట్లు అమ్మారు. ఈ ఏడాది తొమ్మిది నెలలకి 165 కోట్లు, అంటే పెరుగుదల 10 శాతం. మరి 240 చేరాలంటే చివరి మూడు నెలల్లో 75 కోట్లు రావాలి, అంటే పోయినేడు అదే మూడు నెలల మీద 50 శాతం ఎక్కువ. తొమ్మిది నెలలు 10 శాతంతో నడిచిన బండి చివరి మూడు నెలలు 50 శాతంతో పరిగెత్తాలన్నమాట. ఇది అసాధ్యం అనట్లేదు, కొత్త స్కీమ్ వల్ల నిజంగానే డీలర్లు ముందుగా ఎత్తుకోవచ్చు. కానీ ఇంకా ఏడాది ముగియకముందే, ఒక్క ఇన్వాయిస్ టెస్ట్ చెయ్యకముందే, ఒత్తిడి ఏ నెలల మీద పడబోతోందో తెలిసిపోయింది.

మెటీరియాలిటీ, అంటే ఎంత దాటిన తప్పు లెక్కలు చదివేవాళ్ల నిర్ణయాన్ని మార్చగలదో ఆ గీత, దాన్ని కూడా ఇదే టైమ్‌లో పెట్టుకోవాలి. లాభం కోసం నడిచే తయారీ కంపెనీకి పన్నుకు ముందు లాభంలో 5 శాతం అనేది ఐఎస్‌ఏ 320లోనే ఉదాహరణగా ఉంది, అది రూలు కాదు, ప్రొఫెషనల్ జడ్జిమెంట్. 12 కోట్లలో 5 శాతం, 60 లక్షలు. చిన్న చిన్న తప్పులు పోగుపడి ఆ గీత దాటకుండా టెస్టింగ్‌కి వాడే పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీని ఇంకా తక్కువగా పెట్టుకుంటారు, మన టీమ్ 60 శాతం తీసుకుంది, 36 లక్షలు. బ్యాంకు షరతుకీ అంచనా లాభానికీ మధ్య ఉన్న దూరం కోటి రూపాయలే అని గుర్తుంది కాబట్టే ఆ పర్సెంటేజ్ పైకి పోకుండా ఆపారు.

ఈ 60 లక్షలు పక్కన పెట్టుకుని డీలర్ స్కీమ్‌ని మళ్లీ చూడండి. రిబేట్ 4 శాతం, అందరు డీలర్లూ టార్గెట్ దాటితే 240 కోట్ల మీద 9.6 కోట్లు. ఎంతమంది దాటుతారన్నది అంచనా. ఆ అంచనా మొత్తం అమ్మకాల మీద పావు శాతం తప్పితే చాలు, సరిగ్గా 60 లక్షలు, మెటీరియాలిటీ మొత్తం అక్కడే అయిపోయింది. చూడటానికి పావు శాతమే కదా అనిపించేది ఇలా కాగితం మీద పెట్టుకుంటే గానీ దాని సైజు తెలీదు.

వెనక్కి వచ్చే సరుకు కూడా అంతే. అమ్మకాన్ని ఎప్పుడు, ఎంత చూపించాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 ప్రకారం వెనక్కి వస్తుందని అంచనా ఉన్న భాగాన్ని అమ్మకంగా చూపించకూడదు, డీలర్‌కి తిరిగివ్వాల్సింది బాధ్యతగా, రాబోయే సరుకుని ఆస్తిగా చూపించాలి. చివరి నెలలో 36 కోట్ల సరుకు వెళ్లిందనుకుందాం, అందులో 10 శాతం వెనక్కి వస్తుందనుకుంటే 3.6 కోట్ల అమ్మకం తియ్యాలి, మార్జిన్ 25 శాతమైతే లాభం 90 లక్షలు తగ్గాలి. పోయినేడు ఇలాంటి స్కీమ్ లేదు కాబట్టి కంపెనీ దగ్గర పాత అనుభవం లేదు, దేని ఆధారంగా అంచనా కడతారు అని అడిగితే అకౌంట్స్ హెడ్ జవాబు "సేల్స్ వాళ్లు పెద్దగా రాదంటున్నారు". బోనస్ ఎవరిదో గుర్తుంది కదా.

తర్వాత వాక్‌త్రూ. ఒక్క అమ్మకాన్ని పట్టుకుని ఆర్డర్ దగ్గర నుంచి డబ్బు వచ్చేదాకా నడవడం. ప్రాసెస్ ఫ్లోచార్ట్ చూసి తలూపి రావడం కాదు, ఆ పని రోజూ చేసే మనిషి పక్కన కూర్చుని స్క్రీన్ చూడాలి. మన కేసులో డిస్పాచ్ నోట్ తయారవగానే సిస్టమ్ దానంతటదే ఇన్వాయిస్ కొట్టేస్తోంది, అమ్మకం ఆ క్షణమే పుస్తకాల్లోకి ఎక్కేస్తోంది. లారీ మాత్రం సాయంత్రమో మర్నాడో గేటు దాటుతుంది, ఇయర్ ఎండ్ రద్దీలో రెండు మూడు రోజులు కూడా పడుతుందని గేటు దగ్గర మనిషే చెప్పాడు. పైగా గోడౌన్ చివర ఒక మూల ఇన్వాయిస్ స్టిక్కర్ అంటించిన కూలర్లు వరసగా ఉన్నాయి, ఇవేంటి అంటే "డీలర్ దగ్గర జాగా లేదంట, తర్వాత పంపమన్నారు" అన్నాడు. అమ్మేశాం అని బిల్లు కొట్టి సరుకు తన దగ్గరే ఉంచుకోవడం. దీన్ని అమ్మకంగా చూపించడానికి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15లో గట్టి షరతులున్నాయి: అలా ఉంచడానికి కస్టమర్ అడగడం లాంటి అసలైన కారణం ఉండాలి, ఆ సరుకు ఫలానా కస్టమర్‌ది అని విడిగా గుర్తుపట్టేలా ఉండాలి, పంపడానికి సిద్ధంగా ఉండాలి, దాన్ని ఇంకెవరికీ మళ్లించే వీలు ఉండకూడదు. డీలర్ నిజంగా అడిగాడా, ఆ అడగడం ఎక్కడైనా రాతపూర్వకంగా ఉందా అన్నది ఇప్పుడు ప్రశ్న.

ఇది కొత్త కథేం కాదు. అమెరికాలో సన్‌బీమ్ కంపెనీ 1997లో బార్బిక్యూ గ్రిల్స్‌ని సీజన్‌కి చాలా ముందే, ఇలాగే బిల్లు కొట్టి సరుకు ఆపుకునే పద్ధతిలో అమ్మకాలుగా చూపించింది. ఆ ఏడాది చూపించిన 18.9 కోట్ల డాలర్ల లాభంలో కనీసం 6 కోట్ల డాలర్లు అకౌంటింగ్ మోసం వల్ల వచ్చినవే అని 2001లో అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరోపించింది. సీజన్ సరుకు, కొత్తగా వచ్చిన నాయకత్వం మీద టార్గెట్ ఒత్తిడి, ముందుగా ఎత్తుకుంటే డిస్కౌంట్. ఈ మూడూ ఒకచోట కనబడితే ఆడిటర్ చెవులు రిక్కించాల్సిందే.

ఇంత తెలిశాక రిస్క్‌కి గ్రేడ్ వెయ్యాలి. కొత్త ఐఎస్‌ఏ 315లో ఇన్హెరెంట్ రిస్క్‌నీ కంట్రోల్ రిస్క్‌నీ విడివిడిగా అంచనా వెయ్యమన్నారు, చాలామంది తడబడేది ఇక్కడే. కంట్రోల్ రిస్క్ అంటే కంపెనీ కంట్రోల్స్ తప్పుని పట్టుకోలేకపోవడం, ఇన్హెరెంట్ రిస్క్ అంటే ఆ కంట్రోల్స్ ఏవీ లేవనుకుని చూడటం. అక్కడ సంక్లిష్టత ఉందా, సొంత అభిప్రాయం మీద ఆధారపడిందా, ఏదైనా మారిందా, అనిశ్చితి ఉందా, మేనేజ్‌మెంట్ ఒకవైపుకి లాగే అవకాశం గానీ మోసానికి దారి గానీ ఉందా, ఇవి ఐదు కారణాలు. రిటర్న్స్ అంచనాకి మొదటిది ఓ మోస్తరు, మిగతా నాలుగూ గట్టిగా ఉన్నాయి. తప్పు జరిగే అవకాశమూ ఎక్కువ, జరిగితే సైజూ పెద్దది. అందుకే అది స్కేల్ పై చివర కూర్చుంటుంది, స్టాండర్డ్ భాషలో సిగ్నిఫికెంట్ రిస్క్. "కానీ అకౌంట్స్ హెడ్ చాలా జాగ్రత్త మనిషి కదా, మీడియం వేద్దాం" అని టీమ్‌లో ఎవరో అంటారు. ఆయన జాగ్రత్త కంట్రోల్ వైపు లెక్క, దాన్ని ఇక్కడ కలపకూడదు.

కటాఫ్, అంటే ఏ ఏడాది అమ్మకం ఆ ఏడాదిలోనే పడటం, ఆ విషయంలో కంపెనీకి ఒక కంట్రోల్ ఉంది. నెలాఖరున గేటు రిజిస్టర్‌నీ ఇన్వాయిస్ లిస్ట్‌నీ ఒకరు సరిచూసి, లారీ కదలని ఇన్వాయిస్‌లని వెనక్కి తిప్పాలి. ఆలోచన బాగానే ఉంది. పోయిన మూడు నెలల కాగితాలు తెమ్మంటే ఒక నెలది పెన్సిల్ టిక్కులతో దొరికింది, తేడాలు ఏమొచ్చాయో ఏం చేశారో ఎక్కడా రాయలేదు, మిగతా రెండు నెలలవి లేవు. డిజైన్ ఉంది, అమలు లేదు. అలాంటి కంట్రోల్ మీద ఆధారపడి టెస్టింగ్ తగ్గించుకోవడం కుదరదు, కాబట్టి తప్పు జరిగే రిస్క్ ఇన్హెరెంట్ రిస్క్ ఎంతో అంతే, ఒక్క మెట్టు కూడా తగ్గదు. రిబేట్ లెక్క ఇంకా దారుణం, అది సేల్స్ టీమ్‌లో ఒకరి ఎక్సెల్ షీట్‌లో ఉంది, సిస్టమ్‌లో లేదు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలుసుకునే వీలే లేదు.

ఐఎస్‌ఏ 240 ప్రకారం రెవెన్యూలో మోసం రిస్క్ ఉందని ముందే అనుకుని మొదలవ్వాలి, లేదు అనుకుంటే ఎందుకు లేదో ఫైల్లో రాయాలి. మేనేజ్‌మెంట్ కంట్రోల్స్‌ని దాటేసే రిస్క్ అయితే ప్రతి కంపెనీలోనూ ఉంటుంది, దాన్ని లేదనే ఛాన్సే లేదు. కానీ "రెవెన్యూలో మోసం" అని ఊరుకుంటే మళ్లీ మొదటికొస్తాం. ఏ రకం అమ్మకం, ఏ అసర్షన్, ఎవరికి లాభం, ఏ దారిలో, ఇవి చెప్పాలి. టీమ్ చివరికి రాసుకున్న వాక్యం ఇలా ఉంది: "చివరి నెలలో డీలర్లకి కొట్టిన ఇన్వాయిస్‌ల్లో, సరుకు మీద కంట్రోల్ ఇంకా డీలర్‌కి మారని అమ్మకాలు ఈ ఏడాదిలోకి వచ్చే రిస్క్. కారణం అమ్మకాల మీద బోనస్, బ్యాంకు షరతు, డిస్పాచ్ నోట్‌కే ఇన్వాయిస్ కొట్టే సిస్టమ్." ఇంత పొడుగు వాక్యం టేబుల్ గడిలో పట్టదు, పట్టకపోతే గడి పెద్దది చేసుకోవాలి.

ఇలా రాసుకుంటే టెస్టులు వాటంతటవే బయటికొస్తాయి. ఇయర్ ఎండ్ రోజు స్టాకు లెక్కించేటప్పుడు ఇన్వాయిస్ అయిపోయి గోడౌన్లో ఉన్న సరుకుని విడిగా లెక్కపెట్టాలి. చివరి పది రోజుల ఇన్వాయిస్‌లని గేటు రిజిస్టర్‌తో, లారీ రసీదుతో, డీలర్ దించుకున్నట్టు పెట్టిన సంతకంతో కలిపి చూడాలి. డీలర్లకి పంపే కన్ఫర్మేషన్ లెటర్‌లో బాకీ ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఏ షరతుల మీద సరుకు తీసుకున్నారు, వెనక్కిచ్చే హక్కు ఎంత, పక్కన వేరే ఒప్పందం ఏమైనా ఉందా అని అడగాలి. ఇయర్ ఎండ్ తర్వాత రెండు నెలల క్రెడిట్ నోట్‌లు, వెనక్కొచ్చిన సరుకు రిజిస్టర్ చూడాలి. అదే సమయంలో జీతాల మీద ఇన్నాళ్లూ అలవాటుగా పెడుతున్న గంటల్ని తగ్గించొచ్చు, అక్కడ మనుషులూ మారలేదు, సిస్టమూ మారలేదు, నెలనెలా అంకె దాదాపు ఒకేలా ఉంది. ప్రతిదానికీ హై వేసేసి సేఫ్ అనుకునే టీమ్‌కి చివర్లో కటాఫ్ చూడ్డానికి టైమ్ మిగలదు.

ఏడాది ముగిసింది, అంకెలు వచ్చాయి. చివరి మూడు నెలల్లో సరిగ్గా 75 కోట్లు. అందులో మొదటి రెండు నెలలు 39, పోయినేడు ఆ రెండు నెలలు 34. చివరి నెల ఒక్కటే 36, పోయినేడు 16. డీలర్ల బాకీలు 30 కోట్ల నుంచి 52 కోట్లకి పెరిగాయి, ఏడాది అమ్మకాల మీద లెక్కేస్తే 55 రోజుల బాకీ 79 రోజులైంది. ప్లానింగ్‌లో అనుకున్నట్టే వచ్చింది కాబట్టి మోసం రుజువైంది అనడానికి లేదు, 120 రోజుల అప్పు ఇస్తే బాకీలు పెరగడం మామూలే. దీన్ని విడదీసేది డీలర్ దగ్గర నుంచి వినియోగదారుడికి ఎన్ని కూలర్లు వెళ్లాయన్న డేటా. డీలర్ గోడౌన్లు నిండిపోయి కొత్త ఆర్డర్లు ఆగిపోతే అది ముందుకు తోసిన అమ్మకం.

ఇంతలో ఒక డీలర్ దగ్గర నుంచి వచ్చిన జవాబులో "సీజన్ తర్వాత మిగిలిందంతా తీసుకుంటామని మాకు ఈమెయిల్ ఇచ్చారు" అని ఉందనుకోండి. అగ్రిమెంట్‌లో 20 శాతం, ఈమెయిల్‌లో మొత్తం. ఈ ఒక్క డీలర్ అమ్మకాన్ని సరిచేసి ముందుకి పోతే పని అయిపోయినట్టు కాదు. ప్లానింగ్ ఫైల్ మళ్లీ తెరవాలి, ఎందుకంటే ఈ రిస్క్ ఇప్పుడు రెవెన్యూ దగ్గర ఆగలేదు, మేనేజ్‌మెంట్ చెప్పే మాటల మీద ఎంత ఆధారపడొచ్చన్న దాకా వెళ్లింది, అంటే మొత్తం స్టేట్‌మెంట్స్ స్థాయి రిస్క్. ఆ ఈమెయిల్ ఎవరు పంపారు, అకౌంట్స్ హెడ్‌కి తెలుసా, ఇంకెంతమందికి వెళ్లింది అన్నది పార్ట్‌నర్ స్వయంగా అడగాలి, సేల్స్ హెడ్ కన్నా పైన ఉన్నవాళ్లని, ఆడిట్ కమిటీ ఉంటే వాళ్లని. చివరి నెలలో కొన్న మిగతా పెద్ద డీలర్లందరికీ షరతుల గురించి మళ్లీ లెటర్ వెళ్లాలి. స్టాకు విలువ, వారంటీ ఖర్చు లాంటి అంచనాల్లో మేనేజ్‌మెంట్ మాట తప్ప వేరే ఆధారం లేకుండా ఒప్పుకున్నవి ఏమున్నాయో ఒక్కొక్కటిగా తీసి చూడాలి. సర్దుబాట్ల తర్వాత లాభం 11 కోట్ల కిందకి పోతే, ఇయర్ ఎండ్ నాటికే షరతు తప్పినట్టు, ఆ తేదీ లోపు బ్యాంకు మినహాయింపు ఇవ్వకపోతే దీర్ఘకాలిక అప్పు అని చూపించిన లోన్ మొత్తం బ్యాలెన్స్ షీట్‌లో ఏడాది లోపు కట్టాల్సిన అప్పుల్లోకి మారుతుంది, అక్కడి నుంచి కంపెనీ నడుస్తుందా లేదా అన్న గోయింగ్ కన్సర్న్ ప్రశ్న మొదలవుతుంది.